రాత్రి మాత్ర, పగటి మగత

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు మొదటి వారం పది రోజులు నిద్ర సరిగ్గా పట్టదు. వేసవిలో హైదరాబాద్‌కీ డల్లాస్‌కీ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. అక్కడ అర్ధరాత్రి రెండయ్యేసరికి ఒంటికి మధ్యాహ్నమైపోతుంది. పెద్దాయన లేచి హాల్లో లైటు వేసుకుని కూర్చుంటాడు, పెద్దావిడ వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉంటుంది. మర్నాడు ఆఫీసుకి వెళ్లాల్సిన కూతురు జాలిపడి డ్రాయర్‌లోంచి ఓ డబ్బా తీస్తుంది.

"నాన్నా, ఇవి రెండు వేసుకుని పడుకోండి. పొద్దుటిదాకా మెలకువ రాదు."

"నిద్రమాత్రలా తల్లీ? అలవాటైపోతాయేమోనే!"

"అబ్బే, అలాంటివి కావు నాన్నా. డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదు, కిరాణా సరుకులతో పాటే తెచ్చుకుంటాం."

ఆ డబ్బా మీద టైలెనాల్ పీఎం అని ఉండొచ్చు, జీక్విల్ అనో యూనిసమ్ అనో ఉండొచ్చు. పేర్లు వేరైనా లోపల నిద్ర తెప్పించే సరుకు సాధారణంగా రెండింటిలో ఒకటి: డైఫెన్‌హైడ్రమైన్, లేదా దాని దగ్గరి చుట్టం డాక్సిలమైన్. రెండూ పుట్టుకతో నిద్రమాత్రలు కావు, ఎలర్జీ మందులు. తుమ్ములూ దురదలూ తగ్గించడానికి తయారైనవి. వాటివల్ల వచ్చే మగత ఒక దుష్ఫలితం. ఆ దుష్ఫలితాన్నే తర్వాత సరుకుగా మార్చి అమ్మారు. డాక్టర్ చీటీ అక్కర్లేదంటే మెత్తటి మందని కూతురు అనుకుంది. చాలామంది అలాగే అనుకుంటారు. డెబ్బై దాటిన మనిషి విషయంలో మాత్రం ఆ డ్రాయర్‌లో ఉన్నవాటిలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఈ డబ్బానే.

డైఫెన్‌హైడ్రమైన్‌ని 1943లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జార్జ్ రీవ్‌షెల్ తయారు చేశాడు. పార్క్-డేవిస్ కంపెనీ 1946లో దాన్ని బెనడ్రిల్ పేరుతో డాక్టర్ చీటీ మీద అమ్మే మందుగా మార్కెట్లోకి తెచ్చింది. ఎలర్జీ తగ్గేది గానీ మనిషి జోగుతూ ఉండేవాడు. ఆ జోగు రాకుండా ఎలర్జీ ఒక్కటే తగ్గే మందు కోసం రసాయన శాస్త్రజ్ఞులు తర్వాత దశాబ్దాల పాటు తంటాలు పడ్డారు. లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ అలా వచ్చినవే. విచిత్రం ఏమిటంటే, ఒకవైపు ఆ మగతను వదిలించుకునే ప్రయత్నాలు సాగుతుండగానే, 1980లలో అమెరికాలో అదే మగతను నమ్ముకుని డైఫెన్‌హైడ్రమైన్‌ని చీటీ లేని నిద్రమందుగా అమ్మడానికి అనుమతి దొరికింది.

మన దగ్గర ఇది నిద్రమాత్రగా పెద్దగా కనిపించదు. దగ్గుమందు సీసాలో కూర్చుని ఉంటుంది. ఇక్కడ దొరికే బెనడ్రిల్ దగ్గు సిరప్‌లో ప్రతి 5 మిల్లీలీటర్లకు సుమారు 14 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమైన్ ఉంటుంది. 'ఆ సిరప్ తాగితే రాత్రి హాయిగా నిద్ర పడుతుంది' అని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. దురద పుడితే వేసుకునే అవిల్, జలుబు మాత్రల్లో కలిసి వచ్చే క్లోర్‌ఫెనిరమిన్, వాంతులకీ దద్దుర్లకీ ఇచ్చే ఫెనర్గన్, చర్మ వైద్యులు రాసే హైడ్రాక్సిజిన్ కూడా ఈ పాత తరం వంశంలోవే. మగత పాళ్లలో తేడాలున్నా, ఇక్కడ చెప్పే స్వభావం కొద్దో గొప్పో వాటన్నిటికీ వర్తిస్తుంది. సెట్రిజిన్ తర్వాతి తరంది. అందులో మగత తక్కువ, అసలు లేకపోలేదు.

హిస్టమిన్ అనగానే మనకు ముక్కు కారడం, దద్దుర్లు గుర్తొస్తాయి. మెదడులో దానికి వేరే ఉద్యోగం ఉంది. మెదడు అడుగున హైపోథలామస్ అనే భాగంలో కొన్ని నాడీకణాల గుంపు పగలంతా హిస్టమిన్‌ను వదులుతూ పైభాగాన్ని మెలకువగా ఉంచుతుంది. మనం నిద్రపోయాక ఆ కణాలు దాదాపు మౌనంగా ఉంటాయి. పాత తరం యాంటీహిస్టమిన్లు కొవ్వులో తేలిగ్గా కరుగుతాయి కాబట్టి రక్తంలోంచి మెదడులోకి సులువుగా దూరి, ఆ హిస్టమిన్ కూర్చోవాల్సిన చోట్ల తాము కూర్చుంటాయి. మెలకువ సంకేతం అందదు, మనిషికి కళ్లు మూతలు పడతాయి. కొత్త తరం మందుల్ని మెదడు గుమ్మం దగ్గరే బయటికి తోసేసే ఏర్పాటు శరీరంలో ఉంది, అందుకే అవి అంతగా మగత ఇవ్వవు.

ఈ మూతపడటం వల్ల దక్కే నిద్ర ఎంత? అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో మార్గదర్శకాలు రాసేటప్పుడు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ ముందేసుకుని చూసింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే 50 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమైన్‌తో నిద్ర సగటున ఒక 8 నిమిషాలు ముందు పట్టింది, మొత్తం నిద్ర ఓ 12 నిమిషాలు పెరిగింది. ఈ మందును నిద్రలేమికి వాడొద్దన్నదే సంఘం ఇచ్చిన సలహా.

ఆ కాస్త లాభం కూడా నిలవదు. 2002లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో ఆరోగ్యవంతులైన మగవాళ్లకు రోజుకు రెండుసార్లు 50 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు రోజులు ఇచ్చారు. మొదటి రోజు బాగా మగత వచ్చింది. నాలుగో రోజుకల్లా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ వీళ్లకీ మగతలో తేడా లేకుండా పోయింది. మొదటి రాత్రి అద్భుతంగా పనిచేసిన మాత్ర వారం తిరిగేసరికి ఎందుకు పనిచేయడం లేదో ఇప్పుడు అర్థమవుతుంది. దానికి మనిషి చేసే పని ఏమిటో కూడా ఊహించొచ్చు. మాత్ర మానడు, ఇంకోటి కలుపుతాడు.

ఇక రెండో ముఖం. ఈ మందు హిస్టమిన్‌తో ఆగదు. ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని కూడా అడ్డుకుంటుంది. నోట్లో లాలాజలం ఊరడానికి, చెమట పట్టడానికి, మూత్రాశయం ముడుచుకుని మూత్రాన్ని బయటికి నెట్టడానికి, పేగులు కదలడానికి, కంటిపాప చిన్నబోవడానికి ఎసిటైల్‌కోలిన్ కావాలి. మెదడులో ధ్యాస నిలవడానికి, కొత్త సంగతి గుర్తుండటానికీ అదే ఆధారం. వయసు మీదపడేకొద్దీ మెదడులో దాని నిల్వలు తగ్గుతూ వస్తాయి. పాతికేళ్ల కుర్రాడికి నోరెండటంతో సరిపోయే మాత్ర డెబ్బై అయిదేళ్ల మనిషికి తికమక పుట్టించడానికి ఇదో కారణం. మగతకు ఒళ్లు అలవాటు పడినంత తొందరగా ఈ రెండో దెబ్బకు అలవాటు పడుతుందన్న భరోసా లేదు.

ఒక కేసు తీసుకుని చూద్దాం. ఇది ఫలానా వారి కథ కాదు. ఇలాంటివాళ్లలో వైద్యులు చూసే ఆనవాళ్లన్నీ ఒకరి మీద పెట్టి అల్లినది. రాజమండ్రి నుంచి డల్లాస్ పక్కన కూతురింటికి వచ్చిన రిటైర్డ్ మాస్టారనుకోండి, వయసు 74. బీపీ ఉంది. ప్రోస్టేట్ కాస్త పెరిగి మూత్రం సన్నగా వస్తుంది, దానికో మాత్ర వాడుతున్నాడు. బుర్ర మాత్రం పాదరసం. పాత విద్యార్థుల పేర్లు బ్యాచీలతో సహా చెప్తాడు.

మొదటి రాత్రి పదకొండింటికి టైలెనాల్ పీఎం రెండు మాత్రలు వేసుకున్నాడు. ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్, 25 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమైన్. నొప్పేమీ లేని మనిషి నిద్ర కోసం గ్రాము పారాసిటమాల్ మింగడం ఒక వింత, దాన్ని పక్కన పెడదాం. బాగా నిద్రపట్టింది. ఇప్పుడు ఆ 50 మిల్లీగ్రాములు ఏమయ్యాయో లెక్కేద్దాం. ఒంట్లో చేరిన డైఫెన్‌హైడ్రమైన్ సగానికి తగ్గడానికి మామూలు వయసువాళ్లలో దాదాపు 9 గంటలు పడితే, పెద్దవాళ్లలో సుమారు పదమూడున్నర గంటలు పడుతుందని కొలిచారు. అంటే మాస్టారి ఒంట్లో మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు సగం మందు ఇంకా ఉంది. మళ్లీ రాత్రి పదకొండింటికి, కొత్త మాత్రలు వేసుకునే వేళకు, దాదాపు 15 మిల్లీగ్రాములు మిగిలే ఉంది. దాని మీద ఇంకో 50 పడింది. ఇలా వారం గడిస్తే పడుకునే వేళకు పాత బాకీ 20 మిల్లీగ్రాముల దాకా పేరుకుంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి కాఫీ తాగేటప్పుడు ఒంట్లో 44 మిల్లీగ్రాములు తిరుగుతుంటుంది. మింగినదంతా రక్తంలోకి చేరదు కాబట్టి అసలు అంకెలు తగ్గొచ్చు, పాళ్లు మాత్రం ఇవే. మాస్టారు రాత్రిపూట మందు వేసుకుంటున్నాననుకుంటున్నాడు. ఒంటి లెక్కలో ఆయన దాదాపు రోజంతా మందులోనే ఉన్నాడు.

ఇది కాగితం మీద లెక్కే కాదు. జపాన్ శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన పరిశోధనలో రాత్రి 50 మిల్లీగ్రాములు వేసుకున్న ఆరోగ్యవంతులైన యువకుల మెదళ్లను మర్నాడు స్కానింగ్‌లో చూశారు. మందు వేసుకుని పన్నెండు గంటలైనా, మెదడులో హిస్టమిన్ కూర్చోవాల్సిన చోట్లలో దాదాపు 45 శాతం ఇంకా ఈ మందు చేతిలోనే ఉన్నాయి. అదీ యువకుల్లో.

మర్నాటి మగత అంటే కళ్లు మూసుకుపోవడమే అనుకుంటాం. చాలాసార్లు అలా ఉండదు. మనిషి లేచి తిరుగుతూనే ఉంటాడు గానీ ధ్యాసలో సందులు పడతాయి. మాస్టారి విషయంలో అయిదో రోజుకు మెలకువ మళ్లీ రెండింటికే రావడం మొదలైంది, అయినా మాత్రలు ఆగలేదు. ఈలోపు పగటివేళ చిన్న చిన్న మార్పులు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయాడు. పేపర్లో ఒకే వార్త రెండుసార్లు చదివి రెండుసార్లూ కూతురికి చెప్పాడు. మనవడితో చదరంగం ఆడుతూ ఎవరి ఎత్తో మరిచిపోయాడు. ఎలా ఉంది నాన్నా అంటే బాగానే ఉన్నానంటాడు. అబద్ధం కాదు, తన మందకొడితనం తనకు తెలియకపోవడం ఈ మందు గుణం. అయోవా విశ్వవిద్యాలయంలో 2000లో దీన్ని డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పరీక్షించారు. 50 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్నవాళ్లు, రక్తంలో 0.1 శాతం ఆల్కహాల్ చేరేదాకా తాగినవాళ్ల కన్నా అధ్వానంగా బండి నడిపారు. అంత ఆల్కహాల్ రక్తంలో ఉంటే మన పోలీసుల పరీక్షలో ఎప్పుడో దొరికిపోతారు, ఇక్కడ పరిమితి 0.03. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. తమకెంత మగతగా ఉందని వాళ్లు చెప్పిన దాన్నిబట్టి, ఎంత అధ్వానంగా నడుపుతారో పసిగట్టడం కుదరలేదు. 'నాకు మత్తుగా ఏం లేదు' అన్న మాట ఈ మందు విషయంలో సాక్ష్యంగా పనికిరాదు.

ఇంట్లోవాళ్లు మాత్రం దీన్ని వేరే ఖాతాలో రాసేశారు. "నాన్నకి వయసు మీద పడుతోంది" అని కూతురు ఫోన్లో అన్నయ్యతో చెప్పింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే. వయసు అన్న మాట వచ్చాక ఇక ఎవరూ డబ్బా వైపు చూడరు.

రెండో వారం చలికి చర్మం ఎండి దురద మొదలైంది. డ్రాయర్‌లోనే ఇంకో డబ్బా ఉంది, బెనడ్రిల్ గులాబీ మాత్రలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కోటి 25. నిద్ర మాత్ర ఒక పని, దురద మాత్ర ఇంకో పని కదా అనుకున్నారు. రెండింట్లో ఉన్నది ఒకటే మందు. రోజుకు 50 కాస్తా 100 అయింది. ఒక మందు పూర్తిగా కడుక్కుపోకుండానే ఇంకోటి. డైఫెన్‌హైడ్రమైన్ ఉన్న ఇంకే మందుతోనూ, చర్మానికి రాసుకునే పూతతో కూడా, దీన్ని కలిపి వాడొద్దని అమెరికాలో ప్రతి డబ్బా మీదా రాసి ఉంటుంది. ప్రోస్టేట్ వాపుతో మూత్రం ఇబ్బంది ఉన్నవాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దనీ ఉంటుంది. ఆ అక్షరాలు మాస్టారి కళ్లద్దాలకు ఆనేవి కావు, కూతురికి చదవాలన్న ఆలోచన రాలేదు.

మూడో వారంలో ఒక సాయంత్రం పొద్దువాలే వేళ మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి, పదో తరగతి పేపర్లు ఎక్కడ పెట్టావని కూతుర్ని అడిగాడు. ఆమె నవ్వింది. రాత్రి తొమ్మిదికి నవ్వు ఆగిపోయింది. ఆయన మంచం మీద కూర్చుని దుప్పటి మీద లేని నూలుపోగుల్ని వేళ్లతో ఏరుతున్నాడు. గోడ మీద చీమలు బారులు తీరాయని చెయ్యి చూపిస్తున్నాడు. మాట ముద్దముద్దగా, నోట్లోనే గొణుగుతున్నట్టు ఉంది. మధ్యలో ఓ నిమిషం కూతుర్ని పేరు పెట్టి పిలిచి మామూలుగా మాట్లాడి, మళ్లీ ఎక్కడికో వెళ్లిపోయాడు. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది, కానీ ఒంటి మీద చెమట చుక్క లేదు. మధ్యాహ్నం నుంచి బాత్రూమ్‌కి వెళ్లలేదని అల్లుడు గమనించాడు.

మన పెద్దలు దీన్ని సంధి అనేవారు, ఆ మాటల్ని సంధి ప్రేలాపనలు అనేవారు. వైద్యులు డెలీరియం అంటారు. డిమెన్షియా నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా పాకుతుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముంచుకొస్తుంది, పూట పూటకీ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ధ్యాస నిలవకపోవడం దాని గుర్తు. ఇంట్లో ఎవరైనా చూడగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది: వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి. ఆదివారం, శనివారం, శుక్రవారం అంటూ నిన్నటిదాకా గడగడా చెప్పగలిగిన మనిషి ఇవాళ రెండు చెప్పి దారి తప్పితే, అది వయసు కాదు. అందరూ మాస్టారిలా అల్లరి పడరు కూడా. చాలామంది ముసలివాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా మంచానికి అతుక్కుపోతారు. వాళ్లని అలిసిపోయారని వదిలేస్తారు, ఆ రకం ఎక్కువగా కంటికి ఆనకుండా పోతుంది.

ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఏ మందులు వాడుతున్నారు అని. కూతురు బీపీ మాత్ర, ప్రోస్టేట్ మాత్ర చెప్పింది. మిగతా రెండూ చెప్పలేదు. దాచడానికి కాదు, అవి మందులన్న స్పృహే లేదు. పక్షవాతం కాదని తేల్చుకోవడానికి తలకు స్కానింగ్ తీశారు, సోడియం, చక్కెర, మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నీ చూశారు. ఆ వెతుకులాట తప్పనిసరి, ఎందుకంటే ముసలివాళ్లలో డెలీరియానికి అవన్నీ కారణాలే. చివరికి దారి చూపింది ఒళ్లే. కంటిపాపలు బాగా విచ్చుకుని ఉన్నాయి. నాలుక అట్టకట్టి ఉంది. చంకల్లో తడి లేదు. నాడి నిమిషానికి 120. పేగుల చప్పుడు దాదాపు లేదు. పొత్తికడుపు మీద చెయ్యి పెడితే గట్టిగా బొప్పిలా తగిలింది, స్కానర్ పెడితే మూత్రాశయంలో 900 మిల్లీలీటర్లు. "నిద్రకి గానీ, దురదకి గానీ, జలుబుకి గానీ, చీటీ లేకుండా కొన్నదేమైనా ఇస్తున్నారా?" అని డాక్టర్ ప్రశ్న మార్చి అడిగాక గానీ డబ్బాలు బయటికి రాలేదు.

ఈ లక్షణాల మూట మన పల్లెల్లో ఏనాటినుంచో తెలిసిందే. తెలియక ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లలకు ఇదే వస్తుంది: నోరెండటం, కళ్లు విచ్చుకోవడం, ఒళ్లు కాలడం, లేనివి కనపడటం, గాల్లో ఏదో పట్టుకుంటూ ఉండటం. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపోలమిన్ అడ్డుకునేది కూడా ఎసిటైల్‌కోలిన్‌నే. సూపర్ మార్కెట్ అలమరలో రంగు డబ్బాలో ఉన్న మాత్ర, ఊరి చివర చెత్తకుప్ప మీద మొలిచే ఉమ్మెత్త మెదడులో ఒకే తలుపు మూస్తాయి. మోతాదులో, తీవ్రతలోనే తేడా.

మాస్టారికి గొట్టం వేసి మూత్రం తీయగానే సగం అలజడి తగ్గింది. నిండిన మూత్రాశయం నొప్పిని చెప్పుకోలేని మనిషి మంచం మీంచి దూకబోవడం చూసి మత్తు సూదులు ఇస్తుంటారు, ముందు చెయ్యాల్సింది గొట్టం వేయడం. ఈ దశలో ఇంకో తప్పు జరిగే అవకాశం ఉంది. అలజడిగా ఉన్న రోగిని శాంతపరచడానికి మన ఆసుపత్రుల్లో హాలోపెరిడాల్‌తో పాటు ఫెనర్గన్ కలిపి సూది వేయడం మామూలు. మానసిక రోగుల విషయంలో బాగా పనిచేసే జోడీ అది. కానీ ఫెనర్గన్ కూడా ఇదే జాతి మందు కాబట్టి ఇక్కడ అది మంట మీద నూనె. ఫైసోస్టిగ్మిన్ అనే విరుగుడు ఉంది, దాన్ని గుండె లయ చూసుకుంటూ, తగినవాళ్లకే ఇస్తారు. మాస్టారికి అది అవసరం పడలేదు. రెండు డబ్బాలూ ఆపేసి, సెలైన్ పెట్టి, రాత్రి గదిలో చిన్న లైటు ఉంచి, కూతురు పక్కనే కూర్చుని మాట్లాడుతూ ఉండగా మూడో రోజుకు తేరుకున్నాడు. ఆ రాత్రి సంగతులు ఆయనకు ఒక్కటీ గుర్తులేవు.

ఆసుపత్రిలో చేరిన డెబ్బై దాటినవాళ్ల మీద యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, డైఫెన్‌హైడ్రమైన్ ఇచ్చినవాళ్లలో తెలివి మందగించే ముప్పు, ఇవ్వనివాళ్ల కన్నా 1.7 రెట్లు కనిపించింది. అక్కడ వాడినవి ఆసుపత్రుల్లో మామూలుగా ఇచ్చే మోతాదులే. వృద్ధులకు ఇవ్వకూడని మందుల పట్టికగా ప్రపంచమంతా వాడే బీర్స్ ప్రమాణాల్లో ఈ పాత తరం యాంటీహిస్టమిన్లు 'మానేయండి' అన్న వరసలో ఉంటాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని తీవ్రమైన ఎలర్జీలో వాడటం వేరే సంగతి. ఇలాంటి మందులు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని 2015లో వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అది వార్తల్లో బాగా తిరిగింది. మందే కారణమని అది రుజువు చెయ్యలేదు, రెంటికీ సంబంధం ఉందని మాత్రమే చూపింది. మాత్ర ఆపితే తేరుకునే డెలీరియం మాత్రం అనుమానం లేని నిజం.

ఎక్కువ మోతాదు ఒకేసారి పడితే వయసుతో పని లేదు. పిల్లల్లో, కుర్రాళ్లలో ముందు ఇదే సంధి, ఆపైన మూర్ఛలు, గుండెలో విద్యుత్ ప్రసారం దెబ్బతిని లయ తప్పడం. 2020 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. సోషల్ మీడియాలో పందేలు కట్టి బెనడ్రిల్ మింగిన టీనేజీ పిల్లలు ఆసుపత్రుల పాలైన, చనిపోయిన సంఘటనల తర్వాత వచ్చిన హెచ్చరిక అది. ఆరేళ్లు దాటినవాళ్లెవరైనా 300 మిల్లీగ్రాములు, లేదా బరువును బట్టి కిలోకు ఏడున్నర మిల్లీగ్రాములు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంత గానీ, అంతకు మించి గానీ మింగారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని అక్కడి విష చికిత్సా కేంద్రాల నియమం. అంతకు తక్కువైనా తికమక, మూర్ఛ, గుండెదడ కనిపిస్తే, లేదా కావాలనే మింగారనిపిస్తే, లెక్కలతో పని లేదు. ఖాళీ అట్ట వెంట తీసుకెళ్లడం మరవొద్దు. పారాసిటమాల్ కలిసిన మాత్రలైతే కాలేయానికి వేరే విరుగుడు మొదలెట్టాలి, దానికి గంటలు విలువైనవి.

పసిపిల్లల సంగతి ఒక మాట. అమెరికా విమానంలో పిల్లాడు ఏడవకుండా పడుకుంటాడని ఫెనర్గన్ సిరప్ పట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. రెండేళ్ల లోపు పిల్లల్లో అది ఊపిరిని అణచివేసి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి కాబట్టి, ఆ వయసువాళ్లకు ఇవ్వకూడదని అమెరికాలో మందు చీటీ మీద నల్ల పెట్టె కట్టి మరీ రాశారు. కొందరు పిల్లలకు మగతకు బదులు ఉద్రేకం వచ్చి పదహారు గంటల ప్రయాణమంతా గోల చేస్తారు కూడా. డబ్బాల మీద కూడా పిల్లల్ని నిద్రపుచ్చడానికి వాడొద్దనే ఉంటుంది.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్న పెద్దవాళ్లుంటే డబ్బా లాక్కుని ఒక్కరోజులో ఆపేయనక్కర్లేదు. తికమక మొదలైతే వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించాల్సిందే. అది లేనప్పుడు రెండు మాత్రల్ని ఒకటి చేసి, ఓ వారం పది రోజులకు అరకు తగ్గించి, తర్వాత ఆపితే ఆపిన రాత్రుల్లో నిద్ర మరీ చెదరదు. చెదిరినా నాలుగైదు రాత్రుల ముచ్చటే. ఆ రాత్రుల్లో 'చూశావా, మాత్ర లేకపోతే నిద్ర లేదు' అనే నమ్మకం గట్టిపడుతుంది, అక్కడే చాలామంది మళ్లీ డబ్బా దగ్గరికి వెళ్తారు. దేశం మారినందువల్ల వచ్చిన నిద్రలేమికి మాత్రతో పనే తక్కువ. ఒంటి గడియారం రోజుకు దాదాపు గంట చొప్పున సర్దుకుంటుంది. అక్కడి పగటి వెలుతురులో నడవడం, మధ్యాహ్నం కునుకు అరగంటకు మించకుండా చూసుకోవడం దాన్ని తొందరపెడతాయి.

ఇంట్లో మందుల డబ్బా ముందేసుకుని చూసేటప్పుడు పెద్ద అక్షరాల పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవాలి. డైఫెన్‌హైడ్రమైన్, డాక్సిలమైన్, క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్. జలుబు మాత్రలోనో దగ్గు సిరప్‌లోనో దురద మాత్రలోనో ఇవి రెండు చోట్ల దొరికితే రెండూ కలిపి వాడకూడదు. మాత్రను అత్తయ్యగారికో నాన్నకో ఇచ్చే ముందు, వాళ్లు వాడుతున్న మిగతావాటిని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. మూత్రం ఆగక వాడే సోలిఫెనాసిన్, నరాల నొప్పికో నిద్రకో రాసే అమిట్రిప్టిలిన్ కూడా ఇదే తలుపు మూస్తాయి. గుండెకు వాడే మెటోప్రొలాల్‌ను శరీరం విరిచేసే దారిని డైఫెన్‌హైడ్రమైన్ అడ్డుకుంటుంది కాబట్టి నాడి మరీ నెమ్మదించే వీలుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఆరు నెలల మందుల సంచీలో ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండటం అరుదేమీ కాదు.